'మేరా పరీక్షా' ఎందుకు తప్పు? హిందీలో 'ఆ'తో ముగిస్తే పుంలింగం కాదా?

రాజాం_అమ్మ

అందరికీ నమస్కారం. మా బాబు ఎనిమిదో తరగతి. నిన్న హిందీ యూనిట్ టెస్ట్ పేపర్ ఇంటికి తెచ్చాడు. "మేరా పరీక్షా అచ్ఛా హువా" అని ఒక చోట, "గావ్ మే బడా సభా హువా" అని ఇంకో చోట రాశాడు. రెండింటికీ ఎర్ర గీత పడింది. పక్కన మేరీ, బడీ, హుఈ అని దిద్ది ఉంది.

వాడి వాదన ఏమిటంటే, 'ఆ'తో ముగిసేవి పుంలింగం, 'ఈ'తో ముగిసేవి స్త్రీలింగం అని క్లాసులో చెప్పారట. కమరా, దర్వాజా, కపడా అన్నీ పుంలింగమే కదా, మరి పరీక్షా, సభా ఏం పాపం చేశాయి అని అడుగుతున్నాడు. అడిగిన దాంట్లో న్యాయం ఉందనిపించింది. "అంతే, బట్టీ పట్టు" అనడం నాకు ఇష్టం లేదు. దీని వెనక ఏదైనా లెక్క ఉంటే చెప్పండి. ఇద్దరం కూర్చుని నేర్చుకుంటాం.

బొబ్బిలి_శీను

లెక్క ఉందండీ, చాలా తేలిక. పెద్దవి పుంలింగం, చిన్నవి స్త్రీలింగం. డిబ్బా అంటే పెద్ద డబ్బా, డిబ్బీ అంటే చిన్నది. రస్సా మోకు, రస్సీ తాడు. టోకరా పెద్ద గంప, టోకరీ చిన్న బుట్ట. ఘంటా గుడిగంట, ఘంటీ చేతిగంట. వస్తువు సైజు చూసుకుంటే సరిపోతుంది. నేను ఇలాగే నేర్చుకున్నాను.

శ్రావణి_నెల్లిమర్ల

శీను గారూ, ఒకే మాటకు 'ఆ' రూపం, 'ఈ' రూపం రెండూ ఉన్నప్పుడు మీరు చెప్పింది నిజం. రస్సా, రస్సీ పక్కపక్కన పెడితే పెద్దది 'ఆ', చిన్నది 'ఈ'. జంట లేని మాటకి మాత్రం సైజు చూసి లింగం చెప్పలేం. సేనా అంటే సైన్యం, అంతకంటే పెద్దది ఏముంటుంది? అది స్త్రీలింగం. మూంఛ్ అంటే మీసం, అదీ స్త్రీలింగమే. పరీక్ష పెద్దదా చిన్నదా అని బాబు ఎలా తేల్చుకుంటాడు?

నేను మధ్యమ పరీక్షకు చదువుతున్నాను. నాకూ ఇదే తలనొప్పి. పండిట్ మాస్టారు ఈ చర్చ చూస్తే బాగుండు.

పాత_హిందీ_పండిట్ (విజయనగరం)

చూశాను తల్లీ. రాజాం అమ్మగారూ, మీవాడు అడిగింది సరైన ప్రశ్న. వాడికి చెప్పిన సూత్రం తప్పు కాదు, సగం చెప్పి వదిలేశారు. మిగతా సగం తెలుగు పిల్లల నోట్లోనే ఉంది. మీరు ఇప్పుడే ఒక పని చేయండి. పరీక్షా, సభా, భాషా, యాత్రా, కవితా, ప్రార్థనా, సేనా అని ఒక వరసలో రాయించండి. దాని కింద కమరా, దర్వాజా, కపడా, రాస్తా, పైసా, అండా అని రెండో వరస. ఇప్పుడు ఒక్కో మాట తెలుగులో ఉందా అని వాణ్ణి అడగండి.

మొదటి వరస అంతా ఉంది. పరీక్ష, సభ, భాష, యాత్ర, కవిత, ప్రార్థన, సేన. అన్నిటి చివరా పొట్టి 'అ'. ఇవి సంస్కృతం నుంచి వచ్చిన ఆకారాంత స్త్రీలింగాలు. హిందీ ఆ దీర్ఘాన్ని అలాగే ఉంచుకుంది, మనం కుదించుకున్నాం. సీతా మనకు సీత అయింది, రమా రమ అయింది. భాషా భాష అయిందీ అదే దారిలో. హిందీలో ఇవన్నీ స్త్రీలింగమే.

రెండో వరసలో కమరా, కపడా మన సంస్కృత మాటల్లో లేవు. దర్వాజా, పైసా మనమూ వాడతాం గానీ ఎక్కువగా దీర్ఘంతోనే వాడతాం. ఇవి హిందీ సొంత మాటలో, ఫారసీ లాంటి బయటి భాషల దారిన వచ్చినవో. ఇక్కడ మీవాడి సూత్రం చక్కగా పనిచేస్తుంది, పుంలింగం.

అసలు ఉపయోగం హల్లుతో ముగిసే మాటల దగ్గర ఉంది. దేశ్, నగర్, సమయ్, భోజన్, ఉత్సవ్, ఫల్, మార్గ్. వీటి చివర హిందీలో పట్టుకోవడానికి ఏ గుర్తూ లేదు. ఉత్తరాది పిల్లవాడు విని విని నేర్చుకుంటాడు. మన పిల్లవాడు మాత్రం తెలుగులో చూసుకోవచ్చు. దేశం, నగరం, సమయం, భోజనం, ఉత్సవం, ఫలం, మార్గం. అన్నిటికీ చివర సున్నా. సంస్కృతంలో పుంలింగమో నపుంసకమో అయిన వస్తువుల పేర్లకి మనం 'ము' తగిలించాం, అదే ఇప్పుడు సున్నా. హిందీలో నపుంసకం లేదు కాబట్టి అవి దాదాపు అన్నీ పుంలింగంలో చేరిపోయాయి. మగవాళ్ళ పేర్లయితే మనకు 'డు' వస్తుంది. బాలుడు, శిష్యుడు, సేవకుడు. అవీ పుంలింగమే.

కాబట్టి సంస్కృతం మాట వచ్చినప్పుడు ముందు తెలుగులో పైకి అనమనండి. చివర సున్నా పలికితే అచ్ఛా, బడా. పొట్టి 'అ' పలికితే అచ్ఛీ, బడీ. భోజనం, భావన అని రెండూ వెంట వెంటనే అని చూడమనండి. భోజన్ అచ్ఛా హై, భావనా అచ్ఛీ హై. మానవత్వం, మానవత కూడా అంతే. 'త్వం' అయితే పుంలింగం, 'త' అయితే స్త్రీలింగం.

టెక్కలి_జవాన్

మాస్టారూ నమస్తే. నేను ఉత్తరాదిలో డ్యూటీలో ఉన్నాను. మా యూనిట్‌లో బెంగాల్ వాళ్ళు, ఒడిశా వాళ్ళు, మేము, అందరం "మేరా గాడీ, మేరా రోటీ" అనే అంటాం. అందరికీ అర్థమవుతుంది, పని ఆగదు. కాకపోతే రాతలో ఏదైనా ఇవ్వాల్సి వస్తే నేను పక్కవాడి చేత చూపించుకుంటాను. అదే నచ్చడం లేదు.

గాడీ, రోటీ, కుర్సీ ఇప్పుడు పట్టుబడ్డాయి. నాకు ఇంకోటి అంతుపట్టదు. "నయా ఘర్" అని నేర్చుకున్నాను. మా హరియాణా మిత్రుడు "నయే ఘర్ మే" అంటాడు. ఇల్లు ఒక్కటే కదా? నయే అంటే బహువచనం కాదా?

పాత_హిందీ_పండిట్ (విజయనగరం)

బాబూ, అక్కడ ఇల్లు ఒక్కటే. ఆ 'ఏ' బహువచనం వల్ల రాలేదు, వెనక ఉన్న 'మే' వల్ల వచ్చింది.

మనం తెలుగులో "ఇల్లు" అంటాం గానీ "ఇల్లులో" అనం కదా. ఇంట్లో, ఇంటికి, ఇంటి నుంచి. ఊరు కాస్తా ఊరికి దగ్గర ఊరి అవుతుంది, కాలు కాలికి అవుతుంది. విభక్తి వచ్చి వెనక నిలబడితే ముందున్న మాట కొంచెం వంగుతుంది. హిందీలోనూ మే, కో, సే, పర్, కా వెనక చేరితే 'ఆ'తో ముగిసే పుంలింగం మాట 'ఏ'కి మారుతుంది. కమరా, కమరే మే. మనకూ వాళ్ళకూ తేడా విశేషణం దగ్గర ఉంది. తెలుగులో "కొత్త ఇల్లు, కొత్త ఇంట్లో", కొత్త కదలదు. హిందీలో విశేషణం కూడా నామవాచకంతో పాటు వంగాలి. నయా కమరా, నయే కమరే మే.

ఇప్పుడు మీ ఘర్ సంగతి. ఘర్‌కి చివర 'ఆ' లేదు, అందుకని పైకి మార్పు కనిపించదు. నిజానికి అదీ విభక్తికి లోబడే ఉంది. ఆ సంగతిని ముందున్న విశేషణం బయటపెడుతుంది. నయే ఘర్ మే, మేరే గావ్ సే, బడే నగర్ కో.

స్త్రీలింగంలో ఈ గొడవ లేదు. నఈ గాడీ, నఈ గాడీ మే, నఈ గాడియా. విశేషణం చివర 'ఈ' ఒక్కటే, ఏకవచనమైనా బహువచనమైనా, విభక్తి ఉన్నా లేకపోయినా. చాలామంది బహువచనం అనగానే అచ్ఛియా అనేస్తారు. కాదు, అచ్ఛీ కితాబే అనాలి.

అన్ని విశేషణాలూ మారవు. చివర 'ఆ' ఉన్నవే మారతాయి. లాల్, సుందర్, సాఫ్, ఖరాబ్, భారీ ఎవరి పక్కన పెట్టినా అలాగే ఉంటాయి. లాల్ కపడా, లాల్ సాడీ. అంటే లింగం తెలియని మాటకి లాల్ తగిలిస్తే తప్పు దొరకదు, పెద్ద అని చెప్పాల్సి వస్తే దొరుకుతుంది.

ఇచ్ఛాపురం_వ్యాపారి

మా వైపు ఒడియా ఎక్కువ, అందులో ఈ లింగాల బాధే లేదు. హిందీలో నాకు తెలిసిన కిటుకు చెప్తాను. "ఖాయా, ఖాఈ" ఎలా తేల్చాలంటే, తిన్నది ఆడా మగా అని చూడకూడదు, తిన్న వస్తువు చూడాలి. మైనే రోటీ ఖాఈ, మైనే ఆమ్ ఖాయా. మగాడైనా ఖాఈ అనే అనాలి. అమ్మగారి అబ్బాయికి ఇది చెప్పండి, సరిపోతుంది.

శ్రావణి_నెల్లిమర్ల

వ్యాపారి గారూ, మీరు చెప్పింది కరెక్టే, అది 'నే' వచ్చినప్పటి సంగతి. రోటీ స్త్రీలింగం అని ముందే తెలిస్తేనే ఖాఈ వస్తుంది. ఆ ముందు మెట్టు ఎలా తెలుసుకోవాలన్నది అమ్మగారి ప్రశ్న.

మాస్టారూ, మీ పద్ధతితో నా నోట్‌బుక్ అంతా తిరగేశాను. చాలా వరకు కుదిరింది గానీ కొన్ని ఎదురు తిరిగాయి. పుస్తకం, సున్నా ఉంది, హిందీలో మాత్రం మేరీ పుస్తక్. విజయం, సున్నా ఉంది, భారత్ కీ విజయ్. శపథం కూడా అంతే, శపథ్ లీ అంటున్నారు. అటువైపు జన్మ, కర్మ, ప్రశ్న పొట్టి 'అ'తో ముగుస్తాయి, కానీ మేరా జన్మ్, అచ్ఛా కర్మ్, మేరా ప్రశ్న్ అని ఉంది. "మేరీ జన్మ్ శ్రీకాకుళం మే హుఈ" అని రాసి దాదాపు అందరం మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

పాత_హిందీ_పండిట్ (విజయనగరం)

శ్రావణి మంచి మాటలే ఏరి తెచ్చింది. ఒక్కోటి చూద్దాం.

జన్మ, కర్మ చూడటానికి సభ, భాషల్లా ఉన్నాయి గానీ ఆ కుటుంబం కాదు. సంస్కృతంలో ఇవి జన్మన్, కర్మన్. చివరి 'న్' రాలిపోయి 'అ' మిగిలింది. నపుంసకాలు కాబట్టి హిందీలో పుంలింగమే. దీన్ని గుర్తుపట్టే ఉపాయం హిందీలోనే ఉంది. సభా, భాషాలకు హిందీలో చివర 'ఆ' పలుకుతుంది. జన్మ్, కర్మ్, ప్రశ్న్‌లకు పలకదు. తెలుగులో 'అ' ఉంది, హిందీలో 'ఆ' లేదు అంటే అనుమానించాలి. ప్రశ్న సంస్కృతంలో పుంలింగం, తెలుగులో ఎందుకో సున్నా తగలలేదు. ఈ మూడూ ఒక పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకోండి. మేరా జన్మ్ శ్రీకాకుళం మే హువా.

పుస్తక్ దారి వేరు. జనం నోట్లో ముందు నుంచీ ఉన్న మాట కితాబ్, అది స్త్రీలింగం. అదే అర్థం ఉన్న పుస్తక్ దాని లింగంలోకి జరిగిపోయింది. విజయ్, జయ్ కూడా రోజువారీ మాట జీత్ వెనక నడిచాయనీ, పరాజయ్ హార్ వెనక నడిచిందనీ నేను అనుకుంటాను. జీత్, హార్ రెండూ స్త్రీలింగాలే. శపథ్ పక్కన కసమ్ ఉంది, అదీ స్త్రీలింగమే. 'కీ జయ్' అని మనం ప్రతి ఊరేగింపులో అరుస్తాం కదా, 'కా జయ్' అనం. చెవి ఎప్పుడో నేర్చుకుంది.

'ఇ', 'ఉ'తో ముగిసే సంస్కృత మాటలున్నాయి. శక్తి, భక్తి, బుద్ధి సంస్కృతంలోనే స్త్రీలింగం. ధ్వని, నిధి, విధి, అగ్ని అక్కడ పుంలింగం, హిందీలో స్త్రీలింగం అయ్యాయి. వస్తు, మృత్యు, ఋతు, వాయు కూడా హిందీలో స్త్రీలింగం. మనుషులైతే అర్థాన్ని బట్టి పోవాలి. కవి, ముని, పతి, సాధు పుంలింగం. పితా, రాజా, నేతా కూడా అంతే, చివర 'ఆ' ఉన్నా మగవాళ్ళు. పైగా వాళ్ళు వంగరు, "రాజా కో" అంటాం, "రాజే కో" అనం.

రాజాం_అమ్మ

మాస్టారూ, మీరు చెప్పినట్టు రెండు వరసలూ రాయించాను. మావాడు ఇంకో ప్రశ్న వేశాడు. పానీ 'ఈ'తో ముగుస్తుంది కదా, మరి "ఠండా పానీ" అని ఎందుకు అంటారు? ఠండీ కావాలి కదా? ఘీ, మోతీ కూడా పుంలింగం అని పుస్తకంలో ఉంది, కారణం లేదు.

ఇంకా చెయ్యి, చెవి లాంటి అచ్చ తెలుగు మాటలకు ఈ సున్నా పద్ధతి ఎలా వాడాలి?

పాత_హిందీ_పండిట్ (విజయనగరం)

పానీ తల్లి మాట పానీయం. ఇప్పుడు వాణ్ణే చెప్పమనండి. సున్నా ఉంది. ఘీ ఘృతం నుంచి వచ్చింది, మోతీ మౌక్తికం నుంచి, మన ముత్యం కూడా సున్నాతోనే ఉంది. హిందీ నోట్లో అరిగి 'ఈ' మిగిలింది గానీ, అది గాడీ, రోటీల్లోని స్త్రీలింగపు 'ఈ' కాదు. అందుకే ఠండా పానీ, అచ్ఛా ఘీ, బడా మోతీ.

మీ రెండో ప్రశ్నకూ ఇదే దారి. హిందీ మాటకి దగ్గరగా వినపడే సంస్కృత మాట మన పద్యాల్లోనో, పూజలోనో, వైద్యంలోనో ఉంటుంది. హాథ్ వినగానే హస్తం, కాన్ వినగానే కర్ణం, దాంత్ వినగానే దంతం, గావ్‌కి గ్రామం, ఖేత్‌కి క్షేత్రం, దూధ్‌కి దుగ్ధం. అన్నీ పుంలింగం. నీంద్‌కి నిద్ర, భీఖ్‌కి భిక్ష, జీభ్‌కి జిహ్వ, సాంఝ్‌కి సంధ్య, లాజ్‌కి లజ్జ, బాత్‌కి వార్త. ఇవన్నీ స్త్రీలింగం. రాత్‌కి రాత్రి, అదీ స్త్రీలింగం. పెద్ద మాట అరిగి చిన్నదైనా లింగం మారలేదు. ఆంఖ్‌కి అక్షి, ఆగ్‌కి అగ్ని. మూలం 'ఇ'తో ముగిసిందని చూసుకుంటే ఇవి స్త్రీలింగం అయ్యాయంటే ఆశ్చర్యం లేదు.

ఇది ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. ఫారసీ, అరబ్బీ మాటల దగ్గర సున్నాని నమ్మొద్దు. దుకాణం అని మనం సున్నా తగిలించాం, హిందీలో దుకాన్ స్త్రీలింగం. మైదానం, కాగితం మాత్రం పుంలింగమే, మైదాన్, కాగజ్. అంటే ఇక్కడ సున్నా ఏమీ చెప్పదు. హవా, దవా, దునియా, సజా కూడా 'ఆ'తో ముగిసే స్త్రీలింగాలు. ఈ గుంపుని మాత్రం ఒక విశేషణం జతచేసి గుర్తుపెట్టుకోవాలి. ఠండీ హవా, కడవీ దవా, బడీ దుకాన్, పురానీ దీవార్. మాట ఒక్కటే రాసుకుంటే లింగం నిలవదు.

మీవాడికి ఒక వాక్యం ఇస్తాను. "మా ఊరి పాత పాఠశాలలో పెద్ద సభ జరిగింది." ముందు నామవాచకాలు ఏరమనండి. ఊరు అంటే గావ్, గ్రామం, పుంలింగం. పాఠశాల పొట్టి 'అ', స్త్రీలింగం. సభ కూడా స్త్రీలింగం. ఇప్పుడు జతలు. 'మా' అన్నది ఊరికి చెందింది, గావ్ వెనక విభక్తి ఉంది కాబట్టి హమారా కాస్తా హమారే అవుతుంది. గావ్ తర్వాత కా, కే, కీలలో ఏది? అది ముందున్న గావ్‌ని చూడదు, వెనక వచ్చే పాఠశాలను చూస్తుంది, కాబట్టి కీ. పాత అంటే పురానీ. సభకు బడీ, క్రియకు హుఈ. "హమారే గావ్ కీ పురానీ పాఠశాలా మే బడీ సభా హుఈ."

ఇప్పుడు పాఠశాల తీసి నగరం పెట్టండి, సభ తీసి ఉత్సవం పెట్టండి. సిరిమాను పండగ అనుకోండి. "పురానే నగర్ మే బడా ఉత్సవ్ హువా." నగర్ వెనక 'మే' ఉంది, అందుకని పురానే. ఉత్సవ్ వెనక ఏమీ లేదు, అందుకని బడా. పాఠశాలే మే అనీ, సభే మే అనీ పిల్లలు రాస్తుంటారు. అలా రాశారంటే ఆ మాటను కమరా వరసలో వేసుకున్నారని తెలిసిపోతుంది. కమరా బహువచనం కమరే, సభా బహువచనం సభాయే.

బొబ్బిలి_శీను

మాస్టారూ, నా సైజు లెక్క జంట మాటల వరకే అని ఒప్పుకుంటాను. కానీ అరవై మాటలు నేర్చుకోవాల్సిన ఎనిమిదో తరగతి పిల్లాడికి ఘృతం, మౌక్తికం, జిహ్వ తెలుసా? తెలియని తెలుగు నేర్చుకుని హిందీ నేర్చుకోవడం రెట్టింపు పని అవుతుంది. రోజూ వినే మాటలకి విశేషణం జత చేసి వల్లెవేయించడమే నయం అని నా ఉద్దేశం.

శ్రావణి_నెల్లిమర్ల

ఘృతం తెలియకపోవచ్చు, కానీ పరీక్ష, సభ, భాష, దేశం, సమయం, భోజనం తెలియని పిల్లాడు ఉండడు. పాఠ్యపుస్తకంలో సగం మాటలు అవే. వాటి వరకు వల్లెవేయడం ఎందుకు? మిగిలిన వాటికి మీరు చెప్పినట్టు చేయొచ్చు.

టెక్కలి_జవాన్

మా మెస్‌లో రోజూ జరిగే గొడవ ఒకటి. నేను "దహీ ఖట్టా హై" అంటే యూపీ వాడు "ఖట్టీ హై" అని దిద్దాడు. మధ్యప్రదేశ్ వాడు నాదే కరెక్ట్ అన్నాడు. ఎవరిది నమ్మాలి?

పాత_హిందీ_పండిట్ (విజయనగరం)

సంస్కృతంలో దధి నపుంసకం, వ్యాకరణ పుస్తకాలు దహీని పుంలింగం అంటాయి. పరీక్షలో ఖట్టా దహీ అనే రాయాలి. కానీ ఉత్తరాదిలో ఖట్టీ దహీ అనేవాళ్ళు బోలెడంత మంది. 'ఈ' చివర ఉంది కదా అని వాళ్ళ చెవి స్త్రీలింగం వైపు లాగుతుంది. కలమ్ సంగతీ అంతే, మేరా కలమ్, మేరీ కలమ్ రెండూ వినిపిస్తాయి. మీ మిత్రుణ్ణి తప్పని నేను అనను.

టెక్కలి_జవాన్

అయితే ఆ యూపీ వాడు మాత్రం ఒప్పుకోడు మాస్టారూ. వాళ్ళ అమ్మ ఖట్టీ అనే అంటుందట.

రాజాం_అమ్మ

మావాడు వాక్యం సరిగ్గా రాశాడు. హమారే దగ్గర ఒకసారి ఆగాడు, "ఊరికి లాగే కదా" అని తనే అనుకుని రాసేశాడు. ఇప్పుడు సైన్స్ పుస్తకం తీసి అందులో మాటలకి సున్నా ఉందా లేదా అని చూస్తున్నాడు. వర్షం దగ్గర ఇరుక్కున్నాం. సున్నా ఉంది కాబట్టి అచ్ఛా అన్నాడు, హిందీ పుస్తకంలో "అచ్ఛీ వర్షా" అని ఉంది.

శ్రావణి_నెల్లిమర్ల

దీనికి నేను చెప్తాను మాస్టారూ, సరేనా చూడండి. హిందీలో మాట వర్ష్ కాదు, వర్షా. చివర 'ఆ' పలుకుతోంది. అంటే మన వర్షం, వాళ్ళ వర్షా సంస్కృతంలోనే రెండు వేరు రూపాలు అయి ఉండాలి. తెలుగు చివర, హిందీ చివర రెండూ చూసుకోవాలి. సున్నాకి ఎదురుగా హిందీలో హల్లు ఉంటేనే పుంలింగం అనుకోవాలి.

పాత_హిందీ_పండిట్ (విజయనగరం)

సరిగ్గా చెప్పావు తల్లీ. సంస్కృతంలో వర్షమ్ నపుంసకం, వర్షా స్త్రీలింగం. మనం మొదటిది తీసుకున్నాం, హిందీ రెండోది తీసుకుంది. సహాయం, సహాయతా కూడా అలాగే చూడండి. ఇంక తార మాట కూడా ఒకటి ఉంది, మనకు పొట్టి 'అ', హిందీలో తారా పుంలింగం, ఆసమాన్ మే తారే. దానికి ఎవరైనా కారణం వెతికి పెడితే చదవాలని ఉంది.